నీళ్లంటే నాకు, లోయంటే ఆయనకు భయం: ఊటీ వెళ్లాం, అండమాన్ వెళ్లాం

కల్లార్ దాటాక నీలగిరి రైలు అసలైన ఎక్కుడు మొదలుపెట్టింది. అక్కడి నుంచి పట్టాల మధ్య పళ్లున్న మరో పట్టా ఉంటుంది, ఇంజన్ దాన్ని పట్టుకుని పైకి పాకుతుంది. మొదటి వంతెన రాగానే మా ఆయన కిటికీ వైపు నుంచి తల తిప్పేసి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. కూర్చున్న చోటి నుంచి చూస్తే వంతెన కనపడదు, కింద లోయ మాత్రమే కనపడుతుంది. మేట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్లే. కానీ ఎక్కడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది, దారిలో 250 వంతెనలున్నాయి. ఆ లెక్క టికెట్లు తీసేముందు నేను చూసుకోలేదు. ఇప్పటికీ ఆ విషయంలో నాకు బాధే.

ఆయనకు ఎత్తులంటే భయం. నాకు లోతు నీళ్లంటే భయం, చిన్నప్పుడు కోనసీమలో మా ఊరి కాలువలో మునిగి బయటపడ్డప్పటి నుంచి. ఇద్దరికీ సరిపడే సెలవు కోసం ఒక ఏడాది కొండలకు, మరుసటి ఏడాది దీవులకు వెళ్లాం. కొండలా, సముద్రమా అని అడగడం వల్ల పెద్దగా ఉపయోగం లేదని ఆ రెండు ప్రయాణాల్లో అర్థమైంది. అడగాల్సింది వేరే ఉంది. తప్పించుకోలేని దారి ఎంతసేపు ఉంటుంది, మధ్యలో దిగిపోయే వీలుందా అని.

ఊటీలో దొడ్డబెట్ట శిఖరం 2,637 మీటర్ల ఎత్తు. అక్కడ ఆయనకు అంత ఇబ్బంది కలగలేదు. అంచు దాకా వెళ్లకుండా వెనకే నిలబడ్డారు, చాలనిపించినప్పుడు కారు దగ్గరికి వచ్చేశారు. వ్యూ పాయింట్ అంటే మన చేతిలో ఉన్న పని. ఘాట్ రోడ్డు, రైలు అలా కాదు, ఎక్కాక దాటాల్సిందే. విమానంలో మాత్రం ఆయన హాయిగా నిద్రపోతారు. లోయ అంచున ఎందుకు తూలినట్టు అనిపిస్తుందో తర్వాత తెలిసింది. నిలబడ్డప్పుడు మన ఒళ్లు ఎప్పుడూ కాస్త ఊగుతూనే ఉంటుంది. దగ్గరలో గోడో చెట్టో ఉంటే కన్ను దాన్ని చూసి ఒంటిని సర్దుతుంది. ముందు లోయ ఉంటే పట్టుకోవడానికి చూపుకు దగ్గరి వస్తువేదీ దొరకదు, తూలిపోతున్నట్టు అనిపిస్తుంది. అందుకే అంచు దగ్గర కూర్చోవడం, కమ్మీ పట్టుకోవడం, దగ్గరున్న రాయినో చెట్టునో చూడటం నిజంగా పనిచేస్తాయి. "కిందకు చూడకు" అని ఊరికే చెబితే ఆయనకు ఏమీ ఒరగలేదు. "ఆ ముందు సీటు వెనకభాగం చూస్తూ ఉండండి" అన్నాక శ్వాస కుదుటపడింది.

తిరుగు ప్రయాణంలో ఊటీ నుంచి కూనూరు దాకా మాత్రం రైలెక్కాం, అంటే 19 కిలోమీటర్లు. ఈ ముక్కలో పళ్ల పట్టా ఉండదు, వాలు తక్కువ, చుట్టూ తేయాకు తోటలు, ఊళ్లు. ఆయన కిటికీ పక్కనే కూర్చుని ఫొటోలు తీశారు. కూనూరు నుంచి కిందికి కారులో దిగాం. కారులో ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి చూపు రోడ్డు మీదే ఉంచమన్నాను. హెయిర్‌పిన్ మలుపుల దారిలో లోయ ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి వస్తుంది కాబట్టి ఏ పక్క కూర్చున్నా తప్పదు. మసినగుడి వైపు కల్లట్టి ఘాట్‌లో ఏకంగా 36 మలుపులున్నాయి, దాని జోలికి వెళ్లలేదు.

బస విషయంలోనూ ఓ పొరపాటు జరిగింది. "వ్యాలీ వ్యూ" గది అని ఎక్కువ డబ్బు కట్టి తీసుకున్నాం. బాల్కనీ గాలిలోకి పొడుచుకొచ్చింది, రెయిలింగ్ అంతా అద్దమే. ఆయన రెండు రాత్రులు కర్టెన్లు తీయనివ్వలేదు. మూడో రోజు తోట వైపు కింది గదికి మారాం, అద్దె కూడా తక్కువ. ఎత్తులంటే భయపడే మనిషి ఉంటే గది బుక్ చేసే ముందు ఎన్నో అంతస్తు, బాల్కనీకి గోడ ఉందా అద్దమా, కారు గుమ్మం దాకా వస్తుందా అని ఫోన్ చేసి అడగండి. ఫొటోలలో ఇవేవీ తెలియవు.

అండమాన్‌లో వంతు నాది. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) దాకా విమానం కాబట్టి బెంగ లేదు. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది కానీ రెండు రోజులకు పైగా సముద్రం మీదే ఉండాలి. అది నావల్ల కాదు. పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్ దీవికి ప్రభుత్వ ఫెర్రీలో రెండున్నర గంటలు, వేగంగా వెళ్లే ప్రైవేటు పడవ కెటమరాన్‌లో గంటన్నర చిల్లర. నేను తక్కువ సమయమని కెటమరాన్ ఎంచుకున్నాను. మధ్య వరుసలో, కాస్త వెనక కూర్చున్నాను. అక్కడ ఊపు తక్కువ, కిటికీలో నీళ్లూ కనపడవు. దానికి ఇంకో బాధ ఉంది. దూరంగా కదలని గీత ఏదీ కనపడనప్పుడు కడుపులో తిప్పడం ఎక్కువవుతుంది. డాక్టర్‌ను అడిగి మాత్ర ముందే వేసుకోవడం వల్ల నెట్టుకొచ్చాను. నాకు నిజంగా గుండె ఆగినంత పనైంది ఆ గంటన్నరలో కాదు, జెట్టీకీ పడవకూ మధ్య సందులో నల్లటి నీళ్లు చూసినప్పుడు. సిబ్బందికి ముందే చెబితే ఇద్దరు నిలబడి చెయ్యి అందించారు.

ఆ తర్వాత అంతా నా ఇష్టం. ఎలిఫెంట్ బీచ్‌కు స్పీడ్‌బోటు ఎక్కనన్నాను. పిల్లలూ ఆయనా వెళ్లొచ్చారు. నేను రోడ్డు మీద జీపులో రాధానగర్ బీచ్‌కు వెళ్లాను. అక్కడ ఇసుక నెమ్మదిగా లోపలికి దిగుతుంది, మోకాలి లోతులో చాలా దూరం నడవొచ్చు, లైఫ్‌గార్డులు ఉంటారు. మొసళ్ల హెచ్చరిక బోర్డులున్న మూలల్లో మాత్రం పాదం కూడా తడపకూడదు.

నీల్ దీవిలో భరత్‌పూర్ బీచ్ దగ్గర గాజు అడుగున్న పడవ ఎక్కాను. పగడాలు కనిపించినంతసేపు ఏ భయమూ లేదు. పగడాల గట్టు అయిపోయి నీళ్లు ముదురు నీలంగా మారిన చోట ఒళ్లు బిగుసుకుపోయింది. నన్ను భయపెట్టేది నీళ్లు కాదని, అడుగు కనపడకపోవడమని అప్పుడే తెలిసింది. పడవతనితో "గట్టు దాటొద్దు తమ్ముడూ" అంటే వెంటనే వెనక్కి తిప్పాడు. ఎక్కే ముందే చెప్పి ఉంటే ఆ రెండు నిమిషాలు కూడా ఉండేవి కావు.

లక్ష్మణ్‌పూర్ దగ్గర సహజ రాతి వంతెనకు ఆటు సమయంలో వెళ్లాం. రాళ్ల మధ్య చిన్న చిన్న గుంటల్లో చేపలు, సముద్ర దోసకాయలనే మెత్తటి జీవులు. చీలమండ లోతు నీళ్లలో రెండు గంటలు తిరిగాను. ఆటు సమయం రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి ముందు రోజు రాత్రే బసలో అడిగి తెలుసుకోవాలి. పోటు మొదలయ్యాక అక్కడ నిలవకూడదు. రాళ్లు జారతాయి, పట్టీ ఉన్న చెప్పులు తప్పనిసరి.

ఆయనకు అండమాన్‌లో ఒక్క పూట కూడా టెన్షన్ లేదు. ఎత్తు భయం మాత్రమే ఉన్నవాళ్లకు నేను దీవులే చెబుతాను. నీటి భయం మాత్రమే ఉంటే కూనూరు. రెండూ ఒకే ఇంట్లో ఉంటే నా ఓటు దీవులకే, అదీ డిసెంబరు నుంచి ఏప్రిల్ లోపు, సముద్రం శాంతంగా ఉన్నప్పుడు. వానాకాలంలో అలలు పెద్దవి, ఫెర్రీలు రద్దవుతుంటాయి.

ప్యాకేజీలు అమ్మేవాళ్లు సాధారణంగా పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్, నీల్, మళ్లీ పోర్ట్ బ్లెయిర్ అని తిప్పుతారు. అంటే మూడుసార్లు సముద్రం దాటాలి. వచ్చే ఫిబ్రవరికి మేం నేరుగా నీల్‌కే వెళ్లి, అక్కడే నాలుగు రాత్రులుండి, నేరుగా వెనక్కి వస్తున్నాం. రెండే దాటుళ్లు. గది కూడా అడిగి తీసుకున్నాం: కింది అంతస్తు, వరండాకు ఇటుక గోడ, తోటలోంచి ఇసుక మీదికి నడిచి వెళ్లే దారి.