22 పేజీల చాప్టర్ ఒక్క పేజీలో: రెండేళ్ళు ఇలా నోట్స్ రాశాక నా రివ్యూ

నేను బీఏ ఎకనామిక్స్, తెలుగు మీడియం. అసైన్‌మెంట్‌కి చాప్టర్ మొత్తాన్ని ఏ4 పేపర్‌కి ఒకవైపే పట్టించే ఈ పద్ధతి ఫస్టియర్‌లో మా సీనియర్ అక్క నేర్పింది, అప్పట్నుంచి ప్రతి సబ్జెక్ట్‌కీ ఇలాగే రాస్తున్నా. బాగా పనిచేసింది, కానీ ఒకచోట గట్టిగా దెబ్బ తగిలింది, ఒక రకం చాప్టర్‌కి మాత్రం అస్సలు సెట్ కాలేదు. డిమాండ్ వ్యాకోచత్వం చాప్టర్‌తో చెప్తా, మా టెక్స్ట్‌బుక్‌లో అది 22 పేజీలు.

పేపర్‌ని నిలువుగా మడిచి ఎడమవైపు మూడో వంతు వదిలేస్తా. మొదటిసారి చదివేటప్పుడు పెన్ను పట్టుకోను. రెండోసారి చదువుతూ, ఏ పదాన్ని పుస్తకం నిర్వచించిందో దాని చుట్టూ మాత్రమే పెన్సిల్‌తో గీత. ఈ చాప్టర్‌లో 11 వచ్చాయి: ధర, ఆదాయ, జాత్యంతర వ్యాకోచత్వాలు మూడు, ధర వ్యాకోచత్వంలో రకాలు అయిదు, కొలిచే పద్ధతులు మూడు, అంటే మొత్తం వ్యయ పద్ధతి, చాప పద్ధతి, బిందు పద్ధతి. ఆ 11 పదాలూ ముందు ఎడమవైపు రాసేసి, ఒక్కోదానికి రెండేసి లైన్లు వదిలి, మిగిలిన జాగాలోనే తక్కినవన్నీ సర్దుకోవాలి. మొదట్లో నేను చాప్టర్ వరసలోనే రాసుకుంటూ పోయేదాన్ని, ఉపోద్ఘాతానికే సగం పేజీ అయిపోయి చివర్లో చాప పద్ధతి ఇరుకు అక్షరాల్లో మూలకి పోయేది.

ఇక దెబ్బ తగిలింది నిర్వచనం దగ్గర. ధర వ్యాకోచత్వానికి "ధర మారితే డిమాండ్ ఎంత మారుతుందో చెప్పేది" అని కుదించి రాశా, చదవడానికి బానే ఉంది కదా అనుకున్నా, మేడమ్ దాని కింద ఎర్రగీత గీసి "శాతం ఎక్కడ?" అని రాశారు. నిజమే, శాతం తీసేస్తే అది వ్యాకోచత్వమే కాదు. కిలోల్లో మారే బియ్యాన్నీ లీటర్లలో మారే పాలనీ పోల్చగలిగేది శాతం వల్లే. అప్పట్నుంచి నిర్వచనాన్ని కుదించే ముందు ఒక్కో మాటా వేలితో మూసి చూస్తా, ఆ మాట లేకపోతే అర్థం మారుతోందా అని. మారితే అది ఉండాల్సిందే, "ఇతర అంశాలు స్థిరంగా ఉంటే" అన్నది కూడా అంతే. "అని నిర్వచించవచ్చు", "సాధారణంగా మనం గమనిస్తే" లాంటివి మూసినా ఏమీ కాదు, వాటిని తీసేస్తేనే బోలెడు జాగా మిగిలింది.

ఉదాహరణల విషయంలో మాత్రం ఈ పద్ధతికి పూర్తి మార్కులు వేస్తా. పుస్తకంలో ఒక్కో కొలత పద్ధతికి ఒక్కో పట్టిక ఉంది, నేను ఒకే లెక్కతో మూడిట్లో రెండు లాగేశా. ధర 10 నుంచి 12 రూపాయలైంది, డిమాండ్ 100 నుంచి 90కి పడింది. ధర 20 శాతం పెరిగితే డిమాండ్ 10 శాతమే తగ్గింది, అంటే వ్యాకోచత్వం −0.5, మైనస్ గుర్తు వదిలేసి చూస్తే ఒకటి కంటే తక్కువ కాబట్టి సాపేక్ష అవ్యాకోచ డిమాండ్. అవే అంకెల్లో మొత్తం వ్యయం 1000 నుంచి 1080 అయింది, ధర పెరిగితే వ్యయం కూడా పెరిగింది, ఇదీ అవ్యాకోచమే అంటోంది. చాప పద్ధతికి కూడా అవే అంకెలు, సగటులు 11, 95 తీసుకుంటే సుమారు −0.58. బిందు పద్ధతికి మాత్రం ఒక సరళరేఖ గీయాల్సిందే, మధ్య బిందువు దగ్గర ఒకటి, పైన ఎక్కువ, కింద తక్కువ. ఆదాయ, జాత్యంతర వ్యాకోచత్వాల పేజీలన్నీ గుర్తుల్లోకి కుదించేశా: నాసిరకం వస్తువైతే మైనస్, టీ కాఫీ లాంటి ప్రత్యామ్నాయాలకి ప్లస్, కారూ పెట్రోలూ లాంటి పూరకాలకి మైనస్.

అయిదు రకాల బొమ్మల దగ్గర జాగ్రత్త. జాగా కోసం అయిదూ ఒకే అక్షాల మీద గీశా, పరిపూర్ణ వ్యాకోచం అడ్డగీత, పరిపూర్ణ అవ్యాకోచం నిలువుగీత, అంతవరకూ బానే ఉంది. కానీ వాలు తక్కువుంటే వ్యాకోచం, నిట్టనిలువుగా ఉంటే అవ్యాకోచం అని బుర్రలో పడిపోయింది, అప్పుడు పైన చెప్పిన సరళరేఖతో గొడవొచ్చింది, వాలు ఒకటే అయినా బిందువు బిందువుకీ విలువ మారుతోందిగా. ఇప్పుడు ఆ బొమ్మ పక్కనే "వాలు వేరు, వ్యాకోచత్వం వేరు" అని తప్పకుండా రాస్తా.

రాసిన మర్నాడు కుడివైపు మడిచేసి, ఎడమ పదాలు చూసి నిర్వచనాలు చెప్పుకుంటా. నేను రాసిన లైనే నాకు అర్థం కాకపోతే అక్కడ ఎక్కువ కోసేశానని తెలిసిపోతుంది, పుస్తకం తెరిచి ఒకట్రెండు మాటలు వెనక్కి తెచ్చుకుంటా. మొదట్లో ఒక చాప్టర్‌కి నాలుగు గంటలు పట్టేది, ఇప్పుడు గంటన్నర.

సెట్ కానిది ఉదాసీనతా వక్రరేఖల చాప్టర్. ధర ప్రభావాన్ని ఆదాయ ప్రభావం, ప్రత్యామ్నాయ ప్రభావంగా విడగొట్టే బొమ్మని అగ్గిపెట్టంత గీస్తే ఏ బిందువు నుంచి ఏ బిందువుకి జరిగామో కనపడదు, అది కనపడకపోతే పక్కన నిర్వచనం ఉన్నా లాభం లేదు. అందుకే ఆ చాప్టర్‌కి మాత్రం పదాలన్నీ ఒకవైపు రాసి, వెనకవైపు మొత్తం ఆ ఒక్క బొమ్మకే ఇచ్చేస్తున్నా.