పైసలు కట్టాక స్టాక్ లేదంటే: ఒక వ్యవసాయ పనిముట్ల యాప్, రెండేళ్ల వాడకం తర్వాత

పరకాల, నర్సంపేట వైపు ఊళ్లకు స్ప్రేయర్లు, వాటి విడిభాగాలు రెండేళ్లుగా ఈ యాప్‌లోనే తెప్పిస్తున్నాం. సరుకు నాణ్యత మీద ఫిర్యాదు లేదు. చిక్కంతా పైసలు కట్టాక స్టాక్ లేదన్నప్పుడే.

యాప్‌లో కనిపించే స్టాక్ అంకె అమ్మకందారు తానే నింపేది. అదే పంపును అతను దుకాణంలోనూ అమ్ముతాడు. పత్తికి మందు కొట్టే రోజుల్లో ఆఖరి పీసు కౌంటర్ మీద పోయినా యాప్‌లో అంకె వెంటనే తగ్గదు. అందుకే "2 left" అని కనిపించిన వాటితోనే ఈ ఇబ్బంది ఎక్కువ.

మొన్నటి ఆర్డర్ చూడండి. 16 లీటర్ల బ్యాటరీ స్ప్రేయర్, 2,850 రూపాయలు, సోమవారం యూపీఐలో కట్టాం. గురువారం దాకా "Processing" అనే ఉంది. శుక్రవారం "Cancelled" అయింది, దాని కిందే "Refund initiated" అని వచ్చింది. ఈ మాట చూసి బ్యాంకుకు పోతే లాభం లేదు. వాపసు చేయమని యాప్ లోపల నమోదైందని మాత్రమే దానర్థం. పైసలు నిజంగా కదిలితే ఆర్‌ఆర్‌ఎన్ అనే 12 అంకెల లావాదేవీ నంబర్ పుడుతుంది, బ్యాంకు వెతకగలిగేది దానితోనే. మంగళవారం చాట్‌లో ఆ నంబర్ అడిగితే సాయంత్రానికి ఇచ్చారు, బుధవారం ఖాతాలో పడ్డాయి. మొత్తం తొమ్మిది రోజుల్లో బ్యాంకు తీసుకున్నది ఒక్క రోజే. మెసేజ్ రాకపోయినా స్టేట్‌మెంట్ తీసి చూడాలి, ఒక్కోసారి మెసేజ్ రాకుండానే జమ అవుతుంది.

ఆర్డర్ రద్దయ్యాక వాపసు ఎక్కడికి కావాలో అడిగే పేజీలో యాప్ వాలెట్‌కే ముందుగా టిక్ పెట్టి ఉంటుంది. ఇది మాకు అస్సలు నచ్చని పద్ధతి. తొందరలో అలాగే నొక్కితే ఆ పైసలు మళ్లీ బ్యాంకుకు రావు, ఈ యాప్‌లోనే ఖర్చు పెట్టుకోవాలి. "Original payment method" ఎంచుకోండి.

ఆలస్యానికి రోజుకు 100 రూపాయలు ఇవ్వాలని చాలామంది వాదిస్తారు. రిజర్వ్ బ్యాంకు 2019లో పెట్టిన ఆ నియమం ఖాతాలో కోత పడి చెల్లింపు ఫెయిలైన వాటికి. ఇక్కడ చెల్లింపు సరిగ్గానే చేరింది, సరుకే లేదు. దీనికి పనికొచ్చేవి 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు. వాటి ప్రకారం కంపెనీ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. చాట్‌లో తేలకపోతే ఆ అధికారికి మెయిల్ పెట్టండి, అక్కడా కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఆర్డర్ నంబర్, చెల్లింపు రసీదు, "Cancelled" స్క్రీన్‌షాట్ దగ్గర ఉంచుకోండి. కొన్నాళ్లకు పాత ఆర్డర్ల వివరాలు ఈ యాప్‌లో కనిపించవు.

నాజిల్, వాషర్, చార్జర్ లాంటి వాటికి ఇప్పటికీ ఈ యాప్‌నే వాడతాం. సీజన్‌లో స్ప్రేయర్ కావాలంటే మాత్రం సరుకు వచ్చాకే పైసలిచ్చే పద్ధతి ఉంటేనే ఆర్డర్ పెడతాం, లేకపోతే వరంగల్ దుకాణంలో కొంటాం. 5కు 3.