మార్కుల హద్దుల పట్టిక: మూడేళ్లు వాడాక VLOOKUP మీద నమ్మకం ఎక్కడ సడలింది

మహారాష్ట్రలోని రాజురా, బల్లార్‌పూర్, సిరోంచ వైపు బళ్లలో ప్రగతి పత్రకాలు రాసేవాళ్లకు శ్రేణుల లెక్క కొత్తగా చెప్పక్కర్లేదు. ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు 91 నుంచి అ-1, 81 నుంచి అ-2, 71 నుంచి బ-1, 61 నుంచి బ-2, 51 నుంచి క-1, 41 నుంచి క-2, 33 నుంచి డ, 21 నుంచి ఇ-1, ఆ కింద ఇ-2. దీన్ని ఎక్సెల్‌లో ఒకదాంట్లో ఒకటి ఇరికించిన ఎనిమిది IFలతో రాసినవాళ్లకు తెలుస్తుంది, ఒక్క హద్దు మారితే ఎంత వెతుకులాటో. అందుకే కింది హద్దులు 0 నుంచి 91 దాకా పై నుంచి కిందికి ఒక నిలువు వరుసలో, శ్రేణి పక్క వరుసలో పెట్టి, ఆ పట్టికకు Shreni అని పేరిచ్చి వాడే ఈ పద్ధతి అంటే నాకు చాలా ఇష్టం.

```
=VLOOKUP(E2,Shreni,2,TRUE)
```

E2 పిల్లవాడి మార్కు ఉన్న గడి. ఈ పద్ధతి సుఖం హద్దు మార్చేటప్పుడే తెలుస్తుంది. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన షీటులో డ హద్దు 35 అని ఉంటే, ఆ ఒక్క గడిలో 33 కొడితే చాలు. రెండు వందల మంది పిల్లల శ్రేణులు అక్కడికక్కడే సర్దుకుంటాయి. ఫార్ములాను ముట్టుకునే పని లేదు. పట్టికను Ctrl+T తో టేబుల్‌గా మార్చుకుంటే ఇంకా హాయి. అడుగున కొత్త వరుస టైపు చేయగానే అదే పట్టికలో కలిసిపోతుంది, పరిధి సరిచేయాల్సిన అవసరం ఉండదు.

రెండేళ్లు ఈ సౌకర్యాన్ని మెచ్చుకున్నాను. మూడో ఏడు దెబ్బ తగిలింది సరిగ్గా ఇక్కడే.

డ శ్రేణిలో పిల్లలు ఎక్కువగా ఉన్నారని, అదనపు తరగతుల కోసం వాళ్లను రెండుగా విడదీయాలనుకున్నారు. 37 నుంచి డ-1 అని ఒక కొత్త మెట్టు. పట్టిక అడుగున, 91 కింద, 37, డ-1 అని టైపు చేశారు. టేబుల్ దాన్ని బుద్ధిగా కలుపుకుంది. ఎక్కడా ఎర్ర గుర్తు రాలేదు, #N/A రాలేదు. కార్డులు ప్రింటు అయ్యాయి. చూస్తే 91, అంతకు పైన వచ్చిన పిల్లలందరికీ డ-1 పడింది. 38 వచ్చినవాళ్లకు మాత్రం పాత డ అలాగే ఉంది. 85 వాళ్లకు అ-2, 64 వాళ్లకు బ-2, మిగతా అందరికీ సరిగ్గానే ఉంది.

ఈ తప్పు తీరు అర్థం కావాలంటే TRUE ఏం చేస్తుందో తెలియాలి. అది పట్టికను పై నుంచి కిందికి ఒక్కో వరుసా చదవదు. చిన్న సంఖ్య నుంచి పెద్ద సంఖ్యకు వరుస ఉందని నమ్మి, నడిమి వరుస చూస్తుంది. పిల్లవాడి మార్కు అంతకన్నా ఎక్కువైతే కింది సగానికి, తక్కువైతే పై సగానికి పోతుంది. మళ్లీ ఆ సగంలో నడిమిది చూస్తుంది. 38 మార్కులకు నడిమి వరుసలో 51 కనిపించగానే పై సగానికి తిరిగింది. అడుగున ఉన్న 37 దాని కంట పడనే లేదు, 33 దగ్గర ఆగి డ ఇచ్చింది. 95 మార్కులకు 51 దాటింది, 81 దాటింది, 91 కూడా దాటింది. ఇంకో వరుస మిగిలింది, అందులో 37. అదీ 95 కన్నా చిన్నదే, కాబట్టి దాన్నే చివరి మెట్టు అనుకుని డ-1 ఇచ్చింది. 85 మాత్రం 91 దగ్గరే ఆగి వెనక్కి తిరిగింది కనుక తప్పించుకుంది.

పట్టిక మొత్తం తలకిందులైతే తప్పు వెంటనే బయటపడుతుంది. 91 పైన, 0 కింద పెడితే 75 మార్కులకు ఇ-2, 45 మార్కులకు #N/A వస్తాయి, ఎవరికైనా తెలిసిపోతుంది. ఒక్క వరుస తప్పుచోట ఉన్నప్పుడే భయం. శ్రేణుల వరుస మీద క్లిక్ చేసి సార్ట్ చేసినా ఇదే గొడవ, ఎందుకంటే అక్షరాల క్రమం అ, ఇ, క, డ, బ. మార్కుల క్రమంతో దానికి పొత్తే లేదు.

కొత్త ఎక్సెల్ ఉన్నచోట మందు సులువు. టేబుల్ పేరు Shreni, హద్దుల వరుస తలలో Min, శ్రేణుల వరుస తలలో Grade అని ఉండాలి.

```
=XLOOKUP(E2,Shreni[Min],Shreni[Grade],"",-1)
```

చివరి -1 అంటే, అదే సంఖ్య లేకపోతే దానికన్నా చిన్నవాటిలో పెద్దది తీసుకో అని. పట్టిక ఏ క్రమంలో ఉన్నా ఇది తప్పదు. అయితే ఎక్సెల్ 2021 కన్నా పాతవాటిలో ఇది లేదు, 2016, 2019 ఉన్న కంప్యూటర్లు ఇక్కడ తక్కువేం కాదు. పెన్‌డ్రైవులో అక్కడికి తీసుకెళ్తే ఫైలు తెరుచుకుంటుంది, శ్రేణులు కూడా కనిపిస్తాయి. అవి మునుపటి లెక్క మిగిల్చినవి. గడిలో నొక్కితే పైన _xlfn.XLOOKUP అని కనిపిస్తుంది. ఆ లెక్క మళ్లీ నడిచిందంటే #NAME? వస్తుంది. ఫైలు నాలుగు చేతులు మారేచోట నేను దీన్ని వాడను. పట్టిక J, K వరుసల్లో ఉందనుకుంటే, పాతవాటిలోనూ నడిచేది ఇది.

```
=IF(E2="","",INDEX($K$2:$K$20,MATCH(
SUMPRODUCT(MAX(($J$2:$J$20<=E2)*$J$2:$J$20)),
$J$2:$J$20,0)))
```

మార్కు దాటని హద్దుల్లో పెద్దదాన్ని పట్టుకుని, దాని పక్క శ్రేణిని తెస్తుంది. పట్టిక క్రమంతో పని లేదు. మొదట్లో ఉన్న IF పరీక్ష రాయని పిల్లల కోసం. అది లేకపోతే ఖాళీ గడిని సున్నా అనుకుని ఇ-2 వేస్తుంది. చూడటానికి గజిబిజిగా ఉంటుంది, ఇంకొకరికి వివరించడం కష్టం, అది ఒప్పుకోవాలి. VLOOKUP వదలలేనివాళ్లు కనీసం పట్టిక పక్కన కాస్త దూరంగా ఈ కాపలా గడి పెట్టుకోవాలి.

```
=IF(SUMPRODUCT((J3:J20<>"")*(J3:J20<=J2:J19))=0,
"సరి","వరుస తప్పింది")
```

ఒకే హద్దు రెండుసార్లు టైపు చేసినా ఇది పట్టేస్తుంది.

ఇంకొక సంగతి ఉంది, అది ఏ ఫార్ములా వాడినా తప్పదు. 80కి 26 వస్తే నూటికి 32.5. గడిలో దశాంశాలు దాచేస్తే కార్డు మీద 33 అని కనిపిస్తుంది, పక్కన మాత్రం ఇ-1. ఫార్ములా చూసేది లోపలి 32.5ని, పైకి కనిపించే 33ని కాదు. తల్లిదండ్రులు అడిగితే చెప్పడానికి జవాబు ఉండదు. అందుకే D లో అసలు శాతం, E లో గుండ్రం చేసిన మార్కు వేరుగా పెట్టి, E మీదనే శ్రేణి వెతకాలి.

```
=IF(D2="","",ROUND(D2,0))
```

గుండ్రం చేయాలా వద్దా అన్నది బడి నిర్ణయం. వద్దంటే కార్డు మీద 32.5 అనే ముద్రించాలి.

ఒక్కరే పట్టిక ముట్టుకుంటారు, హద్దులు ఏడాదికోసారి మారుతాయి అంటే VLOOKUP, కాపలా గడి సరిపోతాయి. ఇక్కడ మాత్రం ఒకే ఫైలును ఇద్దరు ముగ్గురు టీచర్లు తిప్పుతారు, కంప్యూటర్లు తలా ఒక రకం. అందుకే ఇప్పుడు పొడుగు ఫార్ములా మీదే నడుపుతున్నాను. అన్నిచోట్లా కొత్త ఎక్సెల్ వచ్చిన రోజున XLOOKUPకు మారతాను.