ఫోన్‌లోంచే వైఫై పాస్‌వర్డ్ మార్చడం, తెలియని ఫోన్లను తీసేయడం: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

మా ఇంట్లో కంప్యూటర్ లేదు. రౌటర్‌తో ఏ పని పడినా ఫోన్‌లోనే చేసుకోవాలి. ఫైబర్ కనెక్షన్ పెట్టించుకున్నప్పటి నుంచి పాస్‌వర్డ్ మార్చడం, మా వైఫై ఎవరెవరు వాడుతున్నారో చూసి అక్కర్లేనివాళ్లను తీసేయడం నేనే చూసుకుంటున్నాను. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి నెట్ కంపెనీ యాప్, రెండోది రౌటర్ సొంత పేజీ. చాలాకాలంగా రెండూ వాడుతున్నాను కాబట్టి నాకు తేలిందేమిటో ముందే చెప్పేస్తాను. పాస్‌వర్డ్ ఒక్కటే మార్చాలంటే యాప్ సరిపోతుంది. తెలియని ఫోన్లను తీసేయాలంటే మాత్రం రౌటర్ పేజీ తెరవాల్సిందే. అక్కడ కూడా ‘బ్లాక్’ బటన్ మీద ఆధారపడితే పని సగమే అవుతుంది. పాస్‌వర్డ్ మారిస్తేనే వాళ్లు నిజంగా పోతారు.

ముందు పేజీలోకి వెళ్లడం. ఫోన్ వైఫైకి కలిసి ఉండాలి, మొబైల్ డేటా ఆపెయ్యాలి. డేటా ఆన్‌లో ఉంటే కొన్ని ఫోన్లు పేజీని అటువైపు వెతికి, దొరకలేదంటాయి. రౌటర్ అడ్రస్ అందరికీ ఒకటే కాదు. ఎక్కువ పెట్టెల్లో `192.168.1.1` గానీ `192.168.0.1` గానీ ఉంటుంది, జియో ఫైబర్‌లో `192.168.29.1`. ఊహించుకోవడం కన్నా చూసుకోవడం మేలు. ఆండ్రాయిడ్‌లో వైఫై సెట్టింగ్స్‌లో మన నెట్‌వర్క్ పేరు పక్కనున్న గుర్తు నొక్కితే `Gateway` అని, ఐఫోన్‌లో `Router` అని కనిపించే అంకెలే ఆ అడ్రస్. దాన్ని బ్రౌజర్‌లో ముందు `http://` చేర్చి కొట్టాలి, లేకపోతే కొన్నిసార్లు గూగుల్‌లో వెతకడానికి పోతుంది. కనెక్షన్ సురక్షితం కాదని ఎర్రటి హెచ్చరిక వచ్చినా కంగారు అక్కర్లేదు. రౌటర్ తన సర్టిఫికెట్ తనే రాసుకుంటుంది, అందుకే బ్రౌజర్ ఒప్పుకోదు. మీరు కొట్టింది ఆ గేట్‌వే అంకెలే అయితే `Advanced` నొక్కి ముందుకు వెళ్లొచ్చు. లాగిన్ పేరు, పాస్‌వర్డ్ సాధారణంగా పెట్టె అడుగున అంటించిన స్టిక్కర్ మీద ఉంటాయి.

ఫోన్‌లో ఈ పేజీ చూడటం కష్టమే, ఆ మాట ఒప్పుకోవాలి. కంప్యూటర్ తెర కోసం చేసిన పేజీ కావడంతో అక్షరాలు చీమల్లా ఉంటాయి, ఎడమ పక్క మెనూ సగం తెగిపోతుంది. ఫోన్‌ను అడ్డంగా తిప్పి, బ్రౌజర్ మూడు చుక్కల్లో డెస్క్‌టాప్ సైట్ పెట్టుకుంటే నడుస్తుంది. మా అమ్మ వయసువాళ్లు చేసుకునే పని కాదు. యాప్ ఈ విషయంలో చాలా నయం.

ఇక అసలు విషయం, ఆ పరికరాల జాబితా. మాది కింద మేం, పై వాటాలో అద్దెకున్నవాళ్లు ఉండే ఇల్లు. వాళ్ల కనెక్షన్ వచ్చేదాకా వాడుకోమని మా పాస్‌వర్డ్ ఇచ్చాం. కొన్నాళ్లకు సాయంత్రం అయ్యేసరికి టీవీ ఆగి ఆగి ఆడటం మొదలైంది. యాప్‌లో చూస్తే ‘13 పరికరాలు’ అని అంకె ఒక్కటే చూపించింది. రౌటర్ పేజీలో ఒక్కో పరికరానికి ఒక్కో వరుస కనిపించింది. పేరు చూసి పోల్చుకోగలిగినవి మూడే. మిగతావాటిలో కొన్ని పేరు లేకుండా ఉన్నాయి, రెండు `ESP_` అని మొదలై తర్వాత ఏవో అక్షరాలు. అలాంటి పేరు చూసి చాలామంది ఎవరో హ్యాకర్ అనుకుంటారు. అది స్మార్ట్ ప్లగ్గులు, బల్బుల్లో ఎక్కువగా వాడే ఎస్ప్రెసిఫ్ చిప్ పేరు. మా రెండు ప్లగ్గులే అవి.

పేరు లేనివి తేల్చడానికి నమ్మకమైన పద్ధతి ఒక్కటే. ఇంట్లో ఒక్కో ఫోన్‌లో వైఫై ఆపి, పేజీని రిఫ్రెష్ చేసి, ఏ వరుస పోయిందో చూడాలి. పోకపోతే ఆ ఫోన్‌లో మ్యాక్ అడ్రస్, అంటే రౌటర్ ఒక్కో పరికరాన్ని గుర్తుపట్టే నంబరు, చూసి జాబితాతో పోల్చాలి. ఇక్కడ ఒక చిక్కుంది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రస్ చెప్పకుండా ఒక్కో వైఫైకి ఒక్కో దొంగ అడ్రస్ తయారు చేసుకుంటున్నాయి. ఫోన్ కొన్నప్పుడు వచ్చిన డబ్బా మీద ముద్రించిన అడ్రస్‌తో పోలిస్తే ఎప్పటికీ కలవదు. వైఫై సెట్టింగ్స్‌లో ఈ నెట్‌వర్క్ కింద చూపించే అడ్రస్‌నే చూడాలి. అడ్రస్‌లో రెండో అక్షరం `2`, `6`, `A`, `E` లలో ఒకటైతే అది ఇలా తయారైందేనని గుర్తు పెట్టుకోవచ్చు. సాధారణంగా అది ఫోనో ట్యాబో అయి ఉంటుంది, ప్లగ్గో కెమెరానో కాదు.

ఇలా ఏరితే మా నాలుగు ఫోన్లు, టీవీ, ట్యాబ్, రెండు ప్లగ్గులు, గేటు దగ్గర కెమెరా కలిపి తొమ్మిది లెక్క తేలాయి. మిగిలింది నాలుగు. అప్పుడు సిగ్నల్ బలం చూశాను. వైర్‌లెస్ జాబితాలో `RSSI` అని మైనస్ అంకె ఉంటుంది. సున్నాకు దగ్గరగా ఉంటే పరికరం దగ్గర ఉన్నట్టు, దూరమయ్యేకొద్దీ మైనస్ పెరుగుతుంది. నాలుగింటిలో ఒకటి -48. అంత బలం పక్కింటి నుంచో పై వాటా నుంచో రావడం అరుదు. వెతికితే మా వాడు ఆటల కోసం బల్ల కింద ఛార్జింగ్ పెట్టి ఉంచిన పాత ఫోన్ దొరికింది. రెండింటికి -79, -83. ఇవి బయటివే. నాలుగోదానికి సిగ్నల్ అంకే లేదు. అది ముందురోజు వచ్చి వెళ్లిన మా బావమరిది ఫోన్. రౌటర్ ఒక పరికరానికి ఐపీ అడ్రస్ ఇచ్చాక, ఆ గడువు తీరేదాకా దాని పేరు `DHCP` జాబితాలో అలాగే ఉంచుతుంది. గడువు చాలా పెట్టెల్లో 86400 సెకన్లు, అంటే సరిగ్గా ఒక రోజు. కాబట్టి ఇప్పుడు ఎవరున్నారో చూడాలంటే `DHCP` జాబితా కాదు, వైర్‌లెస్ కింద ఉండే `Associated` లేదా `Station` జాబితా చూడాలి.

బయటి రెండింటిలో ఒకదాన్ని బ్లాక్ చేసి చూశాను. వెంటనే పోయింది. మర్నాడు వేరే అడ్రస్‌తో, దాదాపు అదే సిగ్నల్‌తో కొత్త వరుస వచ్చింది. కారణం తేలికే. బ్లాక్ పనిచేసేది మ్యాక్ అడ్రస్ మీద. ఫోన్ సెట్టింగ్స్‌లో దొంగ అడ్రస్ నుంచి అసలు అడ్రస్‌కు మార్చుకుంటే రౌటర్‌కు అది కొత్త ఫోన్. ఆపై పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే ఉంది. ఇంట్లో పిల్లాడి ట్యాబ్‌ను రాత్రి పూట ఆపడానికి బ్లాక్ బాగుంటుంది, బయటివాళ్లకు కాదు.

పాస్‌వర్డ్ మార్చేటప్పుడు ఎక్కువమందికి దెబ్బ తగిలే చోటు ఒకటుంది. ఇప్పటి పెట్టెలు 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు వైఫైలు ఇస్తాయి. చాలా పెట్టెల్లో రెండింటికీ పాస్‌వర్డ్ విడివిడిగా ఉంటుంది. ఒకటి మార్చి వదిలేస్తే పాతవాళ్లు రెండోదాంట్లోకి జరిగి హాయిగా ఉంటారు. నేను వాడిన యాప్ కూడా ఒకటే మార్చింది, రెండోది ఇంకో తెరలో మార్చాల్సి వచ్చింది. రౌటర్ పేజీలో చేసేటప్పుడు ముందు ఫోన్‌ను 2.4కు కలిపి, 5 పాస్‌వర్డ్ మార్చి `Apply` నొక్కండి. ఆ తర్వాత 2.4ది మార్చండి. `Apply` నొక్కగానే మనం కూర్చున్న వైఫై తెగిపోతుంది కాబట్టి దాన్ని చివరికి ఉంచాలి. సెక్యూరిటీ `WPA2-PSK`, దాని కింద `AES` ఉంటే చాలు. `WPA3` ఒక్కటే పెడితే పాత ప్లగ్గులు, టీవీలు కలవవు.

పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు. నేను చిన్న అక్షరాలతో పొడుగ్గా పెడతాను, `mamiditotaloedukakulu` లాగా. టీవీ రిమోట్‌తో పెద్దక్షరాలు, గుర్తులు కొట్టడం నరకం. ఊహించడం కష్టం కావడానికి పొడుగే చాలు. ఇంటిపేరు, ఫోన్ నంబరు మాత్రం వద్దు.

మార్చాక ఇంట్లో ఫోన్లు పాత పాస్‌వర్డ్‌తోనే ప్రయత్నిస్తాయి. నెట్‌వర్క్‌ను మరచిపొమ్మని చెప్పి మళ్లీ కలపాలి. ఫోన్లు నిమిషాల పని. ప్లగ్గులు, కెమెరా మాత్రం ఓపిక పరీక్ష. అవి 2.4 మీదే కలుస్తాయి, ఒక్కోదాన్ని బటన్ నొక్కిపట్టి, లైటు మినుకుమనేదాకా ఆగి, వాటి యాప్‌లో మొదట్నుంచి కలపాలి. ఈ బాధ వల్లే చాలామంది పాస్‌వర్డ్ మార్చకుండా బ్లాక్‌తో సరిపెట్టుకుంటారు.

దానికి మందు గెస్ట్ నెట్‌వర్క్. రౌటర్ పేజీలో దాన్ని ఆన్ చేసి, వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ ఇచ్చి పై వాటావాళ్లకు అదే ఇచ్చాను. గెస్ట్‌లో ఉన్నవాళ్లకు మా కెమెరా, టీవీ కనిపించకుండా ఉండే ఆప్షన్ కూడా అక్కడే ఉంది, అదీ పెట్టాను. ఇది ఎందుకు అవసరమంటే, పాస్‌వర్డ్ ఒకరికి ఇస్తే ఒకరి దగ్గర ఆగదు. ఆండ్రాయిడ్ 10 నుంచి సేవ్ చేసిన వైఫైని క్యూఆర్ కోడ్‌గా చూపించొచ్చు, చాలా ఫోన్లలో దాని కిందే పాస్‌వర్డ్ అక్షరాల్లో ఉంటుంది. ఐఓఎస్ 16 నుంచి ఐఫోన్ కూడా చూపిస్తుంది. మా పాస్‌వర్డ్ పై వాటా అబ్బాయి స్నేహితులకు చేరింది ఇలాగే, అడిగితే అతనే చెప్పాడు. పిల్లల మధ్య అది సహజం, ఎవరినీ తప్పుపట్టలేదు. ఇప్పుడు గెస్ట్ పాస్‌వర్డ్ ఎప్పుడు కావాలంటే అప్పుడు మారుస్తాను, ప్లగ్గుల జోలికి వెళ్లక్కర్లేదు.

పేజీలో ఉండగానే ఇంకో రెండు చూసుకోండి. పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైకి కలిపే `WPS` ఆపెయ్యండి. దాని పిన్ పద్ధతిలో లోపం 2011లోనే బయటపడింది, ఇంట్లో ఎవరికీ అది లేక ఇబ్బంది ఉండదు. రెండోది పేజీ లాగిన్ పాస్‌వర్డ్. అది `admin` అనే ఉంటే మీ వైఫైలో ఉన్న ఎవరైనా ఇదే పేజీ తెరిచి మీ కొత్త పాస్‌వర్డ్ చూసుకోవచ్చు. మార్చి, రాసిపెట్టుకోండి. మర్చిపోతే పిన్నుతో నొక్కే రీసెట్ ఒక్కటే దారి. అలా నొక్కితే ఫైబర్ పెట్టెల్లో కంపెనీ పెట్టిన కనెక్షన్ వివరాలు కూడా చెరిగిపోయి, టెక్నీషియన్ వచ్చేదాకా నెట్ రాకపోవచ్చు.

టెక్నీషియన్ వచ్చి పెట్టె మార్చినా, రీసెట్ చేసినా అన్నీ స్టిక్కర్ మీద ఉన్నట్టుగా మారిపోతాయి. గెస్ట్ ఆగిపోతుంది, `WPS` మళ్లీ ఆన్ అవుతుంది. అతను గుమ్మం దాటకముందే పేజీ తెరిచి ఆ రెండూ చూసుకుంటాను.