జాగ్రత్త: కంట్రోలర్ "ఫుల్" చూపించిందని నమ్మి కొత్త బ్యాటరీ కొనకండి

బాగున్న బ్యాటరీని పాడైపోయిందనుకుని తూకానికి అమ్మేశాను. కొత్తది కొన్నాను, అదీ 5 నెలలకే పాతదాని దారి పట్టింది. తప్పు రెండు బ్యాటరీలదీ కాదు. పానెల్ కరెంటును అదుపు చేసి బ్యాటరీకి పంపే సోలార్ ఛార్జ్ కంట్రోలర్‌ను బిగించిన చోటులో, దానికి వాడిన వైరులో, పెట్టిన సెట్టింగులో ఉంది. సోలార్ పెట్టించుకునే ఆలోచనలో ఉన్నవాళ్లు, పెట్టించుకుని "బ్యాకప్ రావడం లేదు" అని బాధపడుతున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

కళ్యాణదుర్గం దగ్గర మా చీనీ తోటలో ఒక రేకుల గది ఉంది. రెండు డీసీ ఫ్యాన్లు, నాలుగు బల్బులు, ఒక కెమెరా, ఇంతే లోడు. దానికి 165 వాట్ల 12 వోల్టుల పానెళ్లు రెండు, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఒకటి, 30 ఆంపియర్ల కంట్రోలర్ ఒకటి టౌనులోని ఒక షాపువాళ్లు ఇచ్చారు. బిగింపు కూడా వాళ్లదే. మొదటి ఏడాది బాగానే నడిచింది. తర్వాత రాత్రి రెండు గంటలకల్లా ఫ్యాన్లు ఆగిపోవడం మొదలైంది. పొద్దున చూస్తే కంట్రోలర్ బ్యాటరీ తక్కువని చూపిస్తుంది. పదిన్నరకు మళ్లీ చూస్తే ఫుల్. అంత తొందరగా ఎలా నిండిందని షాపులో అడిగితే, "బ్యాటరీ వీక్ అయింది, ఛార్జ్ పట్టుకోవడం లేదు, అందుకే గంటలో నిండిపోతోంది" అన్నారు. వినడానికి సబబుగానే ఉంది. వీక్ అయిన బ్యాటరీ నిజంగా అలాగే చేస్తుంది కూడా. 14 నెలల బ్యాటరీని వాళ్లకే ఇచ్చేసి, దానికి 4,000 తగ్గించుకుని, పైన 12,000 కట్టి కొత్తది తెచ్చుకున్నాను. ఆ రోజు ఒక్క మీటర్ పెట్టి చూసినవాడు లేడు.

కొత్తదానిలో కూడా అదే వరస మొదలయ్యాక మా మేనల్లుడు వచ్చాడు. సెల్ టవర్ల దగ్గర బ్యాటరీలు చూసే పని వాడిది. మొదట హైడ్రోమీటర్‌తో ఆరు సెల్లుల యాసిడ్ సాంద్రత చూశాడు. ఈ ట్యూబులర్ బ్యాటరీ నిండా ఛార్జ్ అయితే 1.240 దగ్గర ఉండాలి. 1.160, 1.165, 1.165, ఇలా ఆరూ దాదాపు ఒకేలా ఉన్నాయి. "మామా, ఒక్క సెల్లు పడిపోయి ఉంటే బ్యాటరీ పోయిందనుకోవచ్చు. ఆరూ సమానంగా తక్కువున్నాయంటే దీనికి తిండి పెట్టలేదు" అన్నాడు.

తర్వాత చేసిన పని చాలా చిన్నది. దాన్నే మీరందరూ చేయాలని ఇదంతా రాస్తున్నాను. పొద్దున 11 గంటలకు, మంచి ఎండలో, కంట్రోలర్ ఫుల్ చూపిస్తున్నప్పుడు మల్టీమీటర్‌తో రెండు చోట్ల కొలిచాం. కంట్రోలర్‌లో బ్యాటరీ వైర్లు బిగించిన స్క్రూల మీద 13.7 వోల్టులు. నిమిషం లోపే బ్యాటరీ పోల్స్ మీద పెడితే 12.9. రెండూ ఒకే వైరుకు రెండు చివర్లు, మధ్యలో 0.8 వోల్టు మాయం. క్లాంప్ మీటర్‌లో 8 ఆంపియర్లు వెళ్తున్నాయి.

ఆ 0.8 వైరు తినేసింది. కంట్రోలర్‌ను వరండా గోడకు బిగించారు, బ్యాటరీ గదిలో ఆ మూలన ఉంది. మధ్య దూరం 7 మీటర్లు, వైరు 2.5 స్క్వేర్ ఎంఎం. ప్లస్, మైనస్ కలిపి 14 మీటర్ల రాగి. దాని రెసిస్టెన్స్ 0.098 ఓములు వస్తుంది. 0.0175 అంటే మీటరు పొడుగు, ఒక స్క్వేర్ ఎంఎం మందం ఉన్న రాగి వైరు రెసిస్టెన్స్. లెక్క ఇలా:

```
R = 0.0175 x 14 / 2.5 = 0.098
V = 8 x 0.098 = 0.78
```

ఇళ్లలో 230 వోల్టులకు 0.8 పోతే ఎవరికీ తెలియదు. 12 వోల్టుల దగ్గర అదే బ్యాటరీ నిండడానికీ నిండకపోవడానికీ ఉన్న తేడా. కంట్రోలర్‌కు బ్యాటరీ పోల్స్ కనిపించవు, తన స్క్రూల దగ్గరున్న వోల్టేజే కనిపిస్తుంది. అక్కడ తాను అనుకున్న వోల్టేజ్ రాగానే లక్ష్యం చేరిందనుకుని కరెంటు తగ్గించడం మొదలుపెడుతుంది. నా దానిలో అలా రెండు గంటలు నడిచాక ఫ్లోట్‌లోకి, అంటే నిండిన బ్యాటరీని అలాగే నిలిపి ఉంచే తక్కువ వోల్టేజ్‌కు దిగిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతుంటే లోపలికి రెండు మూడు ఆంపియర్లు కూడా సరిగా వెళ్లడం లేదు. స్క్రీన్ మీద బ్యాటరీ బొమ్మ నిండుగా కనిపించేది కూడా ఈ వోల్టేజ్ చూసే. ఛార్జ్ అవుతున్నప్పుడు ఆ బొమ్మను లెక్కలోకి తీసుకోవద్దు.

ఇక్కడ నాకు ఒక అనుమానం వచ్చింది. కంట్రోలర్ అయినా 14.4 దాకా పోవాలి కదా, 13.7 దగ్గరే ఎందుకు ఆగింది? దానికి రెండు కారణాలు దొరికాయి.

మొదటిది సెట్టింగ్. మెనూలో బ్యాటరీ రకం `GEL` అని ఉంది. బ్యాటరీని నింపేటప్పుడు కంట్రోలర్ ఎక్కించే పై వోల్టేజ్‌ను బూస్ట్ అంటారు. జెల్ బ్యాటరీకి బూస్ట్ వోల్టేజ్ తక్కువ, నా కంట్రోలర్‌లో అది 14.2. నాది నీళ్లు పోసే ట్యూబులర్. దానితో వచ్చిన కార్డులో బూస్ట్ 14.4, ఫ్లోట్ 13.6 అని అచ్చు వేసి ఉంది. ఆ కార్డును షాపువాళ్లు తెరిచి చూడలేదు, నేనూ చూడలేదు. నీళ్లు పోసే బ్యాటరీలకున్న `FLD` పెడితే 14.6 కు పోతోంది కాబట్టి, మన అంకెలు మనమే పెట్టుకునే `USER` లో కార్డు అంకెలే పెట్టుకున్నాను. మీ బ్యాటరీకి మీ కార్డే చూడండి, నా అంకెలు ఎత్తుకోవద్దు. బ్యాటరీ వైరు విప్పి మళ్లీ పెట్టినప్పుడు కొన్ని కంట్రోలర్లు పాత సెట్టింగ్ మర్చిపోతాయి, కాబట్టి ప్రతిసారీ మెనూలోకి వెళ్లి చూసుకోవాలి.

రెండోది నేను అసలు ఊహించనిది, వేడి. లెడ్ యాసిడ్ బ్యాటరీ వేడెక్కితే తక్కువ వోల్టేజ్ చాలు, చల్లగా ఉంటే ఎక్కువ కావాలి. అందుకని కంట్రోలర్ 25 డిగ్రీలను ఆధారంగా పెట్టుకుని, పైన ప్రతి డిగ్రీకీ కొంచెం వోల్టేజ్ తగ్గిస్తుంది. నా దానిలో 12 వోల్టుల బ్యాటరీకి డిగ్రీకి 0.018 వోల్టు. ఇది మంచి ఏర్పాటే, కానీ అది కొలవాల్సింది బ్యాటరీ వేడి. నా వరండా గోడకు ఎండ నేరుగా కొడుతుంది. బయటి సెన్సర్ తగిలించకపోవడంతో కంట్రోలర్ తన పెట్టె లోపలి వేడినే బ్యాటరీ వేడి అనుకుంది. స్క్రీన్ మీద 52 డిగ్రీలు. బ్యాటరీ పక్క మీద థర్మామీటర్ పెడితే 34. 52 లో నుంచి 25 తీస్తే 27 డిగ్రీలు, అంటే దాదాపు 0.49 వోల్టు కోత. 14.2 లో అది పోతే మిగిలేది 13.7. మీటర్ చూపించింది సరిగ్గా అదే.

బయటి సెన్సర్ ఏమైందంటే, అట్టపెట్టెలో ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా అలాగే ఉంది. సన్నటి వైరు, చివర నల్లటి చిన్న గుండు. బిగించడానికి ఐదు నిమిషాలు పట్టని పని. ఆ గుండును బ్యాటరీ పక్కకు, సగం ఎత్తులో టేపు వేసి అంటించి, బయటి గాలి తగలకుండా పైన చిన్న థర్మోకోల్ ముక్క పెట్టాం. పెట్టే ముందు మీటర్‌ను ఓములలో ఉంచి చూడండి. నాది 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓములు ఉండాల్సిన రకం. పిడికిట్లో పట్టుకుంటే అంకె మెల్లగా దిగాలి. దాదాపు సున్నా చూపిస్తే లోపల షార్ట్ అయినట్టు, అప్పుడు కంట్రోలర్ బ్యాటరీ కాలిపోతోందనుకుని ఛార్జింగ్ బాగా తగ్గించవచ్చు, ఆపేయనూ వచ్చు. లిథియం బ్యాటరీ వాడేవాళ్లు మాత్రం ఈ వేడి కోత అసలు లేకుండా సెట్ చేసుకోవాలి. అది లెడ్ యాసిడ్‌కు పెట్టిన పద్ధతి.

కంట్రోలర్‌ను వరండా నుంచి తీసి గదిలోకి, బ్యాటరీ పక్క గోడకు మార్చాం. సరిగ్గా బ్యాటరీ పైన పెట్టలేదు, ఆవిరికి స్క్రూలు తుప్పు పడతాయి, గ్యాస్ కూడా వస్తుంది. కాస్త పక్కకు పెట్టాం. బ్యాటరీ వైరు ఇప్పుడు 1.2 మీటర్లే, అదీ 10 స్క్వేర్ ఎంఎం, మంచి లగ్గులు క్రింప్ చేసి. ప్లస్ వైరుకు బ్యాటరీ దగ్గరే ఫ్యూజు. పొడుగు వైరు పానెల్ వైపుకు పోయింది. పొడుగు తప్పనప్పుడు అది పానెల్ వైపే ఉండాలి, ఎందుకంటే అక్కడ పోయే వోల్టు కంట్రోలర్‌ను మోసం చేయదు. అలాగని అక్కడ సన్న వైరు వేయకూడదు. ఈ పానెల్ మంచి చలిలో 18 వోల్టులు ఇచ్చినా, మన మే నెల ఎండకు వేడెక్కి 15 దగ్గరకు దిగుతుంది. అందుకే అటు కూడా 10 స్క్వేర్ ఎంఎం వేశాను.

వైర్లు ముట్టుకునేవాళ్లు వరస గుర్తుపెట్టుకోండి. విప్పేటప్పుడు ముందు పానెల్, తర్వాత బ్యాటరీ. బిగించేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత పానెల్. పానెల్ ముందు తగిలిస్తే 12, 24 తానే కనిపెట్టే కంట్రోలర్ సిస్టమ్‌ను 24 వోల్టులదనుకునే ప్రమాదం ఉంది, అప్పుడు 12 వోల్టుల బ్యాటరీ మీద దాని అంకెలన్నీ తప్పుతాయి. ఉంగరం, కడియం తీసి పెట్టండి, బ్యాటరీ మీద స్పానర్ అడ్డంగా పడనివ్వకండి. ఛార్జింగ్ అసలే లేదంటే మాత్రం సెట్టింగుల కంటే ముందు ఫ్యూజు, వదులైన స్క్రూ, ప్లస్ మైనస్ తారుమారు, ఈ మూడూ చూసుకోండి.

ఇంకో మోసం కూడా అప్పుడే బయటపడింది. బిల్లులో ఎంపీపీటీ అని రాసి డబ్బు తీసుకున్నది నిజానికి పీడబ్ల్యూఎం కంట్రోలర్, అంటే పానెల్‌ను నేరుగా బ్యాటరీకి కలుపుతూ విడదీస్తూ నడిపే మామూలు రకం. పూర్తి ఛార్జింగ్ జరుగుతున్నప్పుడు పానెల్ స్క్రూల మీద కొలిస్తే బ్యాటరీ వోల్టేజ్‌కు కొంచెం పైన మాత్రమే ఉంది. నిజమైన ఎంపీపీటీ అయితే పానెల్‌ను 15 నుంచి 18 వోల్టుల మధ్యే నడిపించి, బ్యాటరీకి ఎక్కువ కరెంటు ఇస్తుంది. షాపుకు వెళ్లి చెబితే, "వారంటీ బ్యాటరీకే, బిగింపుకు లేదు" అన్నారు.

మార్చిన మర్నాడు ఫుల్ అనేది మధ్యాహ్నం మూడు దాటాక వచ్చింది. పోల్స్ మీద 14.2, కంట్రోలర్ దగ్గర కూడా దాదాపు అదే. రెండు వారాలకు యాసిడ్ 1.230 కు చేరింది. ఒక్క సెల్లు 1.210 దగ్గర ఆగింది, అది ఇంకా పైకి రాలేదు. ఫ్యాన్లు తెల్లవారేదాకా తిరుగుతున్నాయి.

మొన్న ఆదివారం రెండు తోటల అవతల ఉన్న రైతు దగ్గరకు మీటర్ పట్టుకుని వెళ్లాను. అదే షాపు, అదే వరండా గోడ, అదే సన్న వైరు. కంట్రోలర్ ఫుల్ అంటోంది, రెండు చివర్ల మధ్య తేడా 1.1 వోల్టు. కొత్త బ్యాటరీకి అప్పటికే 2,000 అడ్వాన్సు ఇచ్చాడట. మిగిలినది కట్టకుండా ఆపించాను. వచ్చే శనివారం మేనల్లుడూ నేనూ వెళ్లి ఆయన కంట్రోలర్‌ను లోపలికి మారుస్తున్నాం.