హిందీలో మనల్ని బోల్తా కొట్టించే తత్సమాలు: జాబితా మేలా, మాట మార్చడం మేలా?

గుంటూరు మిర్చి వ్యాపారంలో ఉత్తరాది కొనుగోలుదారుకు హిందీలో రాయాల్సి వస్తుంది. ఈ రెండు వాక్యాలు చూడండి: ‘మాది వ్యవసాయం. సరుకులో తేమ ఉందని అనుమానం ఉంటే చెప్పండి.’ దీన్ని ‘హమారా వ్యవసాయ్ హై. నమీ కా అనుమాన్ హో తో బతాయియే’ అని రాశామనుకోండి. వ్యాకరణం తప్పలేదు, అందుకే ఎవరూ ఆపరు. కానీ అవతలివాడికి చేరేది ‘మాది వ్యాపారం, తేమ ఎంతో అంచనా ఉంటే చెప్పండి’ అని. రైతు కాస్తా దళారీ అయిపోయాడు.

సంస్కృతంలో వ్యవసాయమంటే పూనిక, ప్రయత్నం. అదే మాట మనకు సేద్యమైంది, వాళ్లకు వ్యాపారమైంది. శిక్ష కూడా అంతే. హిందీలో అది చదువు, మనకు దండన. పాత అర్థం మన ‘శిక్షణ’లో ఇంకా బతికే ఉంది.

ఇలాంటి మాటలకు చాలామంది జాబితా రాసుకుని బట్టీ పడతారు. చదివేటప్పుడు అది పనికొస్తుంది. మాట్లాడేటప్పుడు మాత్రం నోటికి ముందు తెలుగు అర్థమే వస్తుంది, జాబితా తర్వాత గుర్తొస్తుంది.

మాట్లాడటానికీ ఉత్తరం రాయడానికీ మాట మార్చడమే మేలు. అనుమానమైన తత్సమాన్ని అసలు వాడకుండా, హిందీవాళ్లు రోజూ అనే మాటను దాని చోట పెట్టాలి. వ్యవసాయానికి ఖేతీ, అనుమానానికి శక్, శిక్షకు సజా, అవకాశానికి మౌకా, ఉద్యోగానికి నౌకరీ, ఆగ్రహానికి గుస్సా. పై ఉత్తరం అప్పుడు ‘హమ్ ఖేతీ కర్తే హైఁ. నమీ కా శక్ హో తో బతాయియే’ అవుతుంది. తత్సమం వాడితే హిందీ గౌరవంగా ఉంటుందన్న భ్రమ మనకు కొంచెం ఎక్కువే.

ఈ పద్ధతికీ ఒక గొయ్యి ఉంది. తత్సమం కాదు, పారసీ మాట కదా, రెండు వైపులా ఒకటే అర్థం అనుకుంటే రాజీనామా దగ్గర పడతాం. మనకది ఉద్యోగం వదులుకునే కాగితం, హిందీలో మామూలుగా రాజీపడి రాసుకునే ఒప్పందం. ఉద్యోగం మానేస్తే వాళ్లు ఇచ్చేది ఇస్తీఫా.

హిందీ కాగితం చదవాల్సి వస్తే మాట మార్చడం కుదరదు, ఎదుటివాడు రాసిందే చదవాలి. అక్కడ పక్క మాట చూడండి. ‘దో దిన్ కా అవకాశ్’ అంటే రోజుల లెక్క ఉంది కాబట్టి అది సెలవు. ‘శిక్షా’ వెనక మంత్రీ, విభాగ్ వస్తే అది విద్యాశాఖ సంగతి. పక్క మాట తేల్చకపోతే నిఘంటువు తీయండి, కానీ తెలుగు–హిందీది కాదు. కాగితంలో ఉన్న హిందీ మాటనే హిందీ–తెలుగులో వెతకాలి. మీరు రాసిన ఉత్తరాన్నీ పంపే ముందు ఇలాగే వెనక్కి చూసుకోవచ్చు. అన్ని మాటలూ అక్కర్లేదు, తెలుగులోనూ ఉన్నట్టు కనిపించేవి చాలు.