తెలుగు సబ్‌టైటిల్స్‌కి సబ్‌టైటిల్ ఎడిట్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

ఇంగ్లిష్ ఉపన్యాసాలకు, డాక్యుమెంటరీలకు తెలుగు సబ్‌టైటిల్స్ చేయడానికి కొన్నేళ్లుగా నేను వాడుతున్నది సబ్‌టైటిల్ ఎడిట్. ఉచితం, ఓపెన్ సోర్స్, నేను వాడేది విండోస్ మీద. పని దాదాపు ఎప్పుడూ ఒకే రూపంలో వస్తుంది: ఒక వీడియో, దాని ఇంగ్లిష్ ట్రాన్‌స్క్రిప్ట్, పాటించాల్సిన కొలతలు. తెర మీద రెండు లైన్లకు మించకూడదు, లైనుకు 42 అక్షరాలు, సెకనుకు 17 అక్షరాలు అనేవి తరచుగా అడిగే కొలతలు. టెడ్ ప్రసంగాలను అనువదించే వాలంటీర్లకు లైను కొలత అదే, వేగం మాత్రం సెకనుకు 21.

ఈ అంకెలను సెట్టింగ్స్‌లో ఒకసారి ఇచ్చేస్తే చాలు. లైను పొడవు దాటితే జాబితాలో ఆ గడి రంగు మారుతుంది. చదివే వేగం దాటితే వ్యవధి గడి రంగు మారుతుంది. టైప్ చేస్తుంటే పెట్టె పక్కనే లెక్క కదులుతూ కనిపిస్తుంది. నాకు అన్నిటికంటే ఉపయోగపడింది మాత్రం సెకనుకు అక్షరాల లెక్కన మొత్తం జాబితాను పేర్చే సదుపాయం. బాగా ఇరుకైనవన్నీ ఒకచోట చేరతాయి, కష్టమైనవి ముందు తేల్చేయొచ్చు. తర్వాత మళ్లీ మొదలయ్యే సమయం ప్రకారం పేర్చడం మర్చిపోకూడదు, అంతే.

ఇప్పుడు అసలు సంగతి. ఒక తేనెటీగల డాక్యుమెంటరీలో శాస్త్రవేత్త ఒక వాక్యం 4 సెకన్లలో అనేస్తాడు. దాన్ని ఉన్నదున్నట్టు తెలుగు చేస్తే ఇలా వస్తుంది: "చాలామందికి తెలియని విషయం ఏమిటంటే రాణి ఈగ నిజానికి తేనెపట్టును నడిపించదు, నిర్ణయాలు తీసుకునేది కూలి ఈగలే." సాఫ్ట్‌వేర్ లెక్కలో ఇది 104 అక్షరాలు, అంటే సెకనుకు 26. రెండు లైన్లలో పట్టే 84 కూడా దాటిపోయింది. 17 చొప్పున చదవాలంటే 6 సెకన్ల పైన కావాలి. శబ్దాన్ని గీతగా చూపే వేవ్‌ఫామ్ చూస్తే ఆ మాట తర్వాత అర సెకను మౌనం ఉంది. దాన్ని వాడుకుని సబ్‌టైటిల్‌ని సాగదీసినా 4.5 సెకన్లకు 76 అక్షరాలే. కాబట్టి సమయం లాగి ఒడ్డెక్కలేం, మాటలే తగ్గాలి.

ఏది పోవాలి? "నిజానికి" పోతుంది, ఎందుకంటే "కాదు" అన్న మాటలోనే ఆ ఒత్తు ఉంది. "నిర్ణయాలు తీసుకునేది", "నడిపించేది" ఇక్కడ ఒక్కటే, ఒకటి చాలు. వీటితోపాటు "చాలామందికి తెలియని విషయం ఏమిటంటే" కూడా తీసేస్తే "తేనెపట్టును నడిపేది రాణి కాదు, కూలి ఈగలే." మిగులుతుంది. సెకనుకు 10 అక్షరాలకు దిగిపోయింది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నేను ఆగను. అతను ఎదుటివాళ్ల నమ్మకాన్ని తిరగేస్తున్నాడు, ఆ స్వరం పోయింది. చోటు మిగిలినప్పుడు స్వరాన్ని తిరిగి తెచ్చుకోవాలి:

```
27
00:02:14,300 --> 00:02:18,300
చాలామందికి తెలియదు గానీ,
తేనెపట్టును నడిపేది రాణి కాదు, కూలి ఈగలే.
```

మొదటి లైను 24, రెండోది 41, మొత్తం 65. సెకనుకు 16 పైచిలుకు. పరిమితిలోనే ఉంది, మనిషి మాట్లాడినట్టూ ఉంది.

లైను ఎక్కడ విరగాలన్నది మాత్రం సాఫ్ట్‌వేర్‌కి వదిలేయను. `Auto br` బటన్ ప్రధానంగా చూసేది రెండు లైన్లూ సమానంగా వచ్చాయా లేదా అని. రెండు సగాలూ దగ్గర దగ్గరగా రావాలంటే ఈ వాక్యాన్ని "తేనెపట్టును" తర్వాత విరవాలి, 36, 29 వస్తాయి. చూడ్డానికి బాగుంటుంది, చదవడానికి కాదు. "తేనెపట్టును" అని చదివి, కింది లైనుకు దిగి, "నడిపేది" దొరికేదాకా కన్ను వేలాడుతూ ఉంటుంది. కామా దగ్గర విరిస్తే పై లైను పొట్టిగా కనిపించినా ఒక్కో లైనులో ఒక్కో ఆలోచన ఉంటుంది.

ఇక తెలుగుకు ప్రత్యేకమైన చిక్కు. ఈ సాఫ్ట్‌వేర్ మామూలుగా లెక్కపెట్టేది మనం బడిలో నేర్చుకున్న అక్షరాలను కాదు. గుణింతపు గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, వత్తుగా మారిన హల్లు ఇంకొకటి, ఇలా విడివిడిగా లెక్కేస్తుంది. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం, దానికి 6. పైన 41 అని చూపించిన లైనులో నిజంగా ఉన్నవి 18 అక్షరాలే, కామా, చుక్క, ఖాళీలు వేరు. దీనివల్ల ఇంగ్లిష్ కోసం పెట్టిన 42 తెలుగుకు ఇంకా బిగుతుగా మారుతుంది. తెర మీద చోటు ఉంటుంది, గడి మాత్రం రంగు మారి కూర్చుంటుంది.

పని ఇచ్చినవాళ్లు అంకె చెప్పినప్పుడు వాదించి లాభం లేదు, వాళ్ల తనిఖీ కూడా ఇదే లెక్కతో జరుగుతుంది. నా చేతిలో ఉన్న పనికి మాత్రం లైను 42 దగ్గరే ఉంచి, వేగాన్ని 21 దాకా పోనిస్తాను. గుణింతాలను ఎవరూ కూడబలుక్కుని చదవరు కదా. తెరమీద పట్టికో బొమ్మో ఉండి, కన్ను రెండుచోట్ల తిరగాల్సి వస్తే మళ్లీ 17కే దిగుతాను.

సాఫ్ట్‌వేర్ ఏమీ సాయం చేయలేనిది వాక్యక్రమం. ఇంగ్లిష్‌లో ముందు "కంపెనీ వదిలేశాను" అని, ఊపిరి తీసుకుని, కారణం తర్వాత చెబుతారు. ట్రాన్‌స్క్రిప్ట్‌లో అవి రెండు సబ్‌టైటిల్స్. తెలుగులో అలవాటు కొద్దీ "జీతాలు ఆపేశారని కంపెనీ వదిలేశాను" అని రాస్తే, కారణం మొదటి సబ్‌టైటిల్‌లోనే బయటపడుతుంది. మనిషి ఇంకా ఆ మాట అననే లేదు. హాస్యం ఉన్నచోట ఇది ప్రాణం తీస్తుంది, నవ్వు వినబడేలోపే జోకు అయిపోతుంది. నేను రెండు చిన్న వాక్యాలు చేస్తాను: "కంపెనీ వదిలేశాను." తర్వాత "జీతాలు ఆపేశారు మరి." విరుపు అవసరం లేని చోట రెండింటినీ ఒకటిగా కలిపి, తెలుగు క్రమంలో రాసి, అవసరమైతే కొత్తచోట విడగొడతాను. కలపడం, విడగొట్టడం రెండూ ఇందులో చిటికెలో పని. మూల పాఠాన్ని పక్కన చూపించే అనువాద పద్ధతిలో కలిపితే ఇంగ్లిష్ వైపు కూడా కలిసిందో లేదో ఒకసారి చూసుకోవాలి.

చివరి మెట్టు ఫాంట్. వీడియోలోకే సబ్‌టైటిల్స్‌ని ముద్రించి ఇచ్చేటప్పుడు పై లైను వత్తులు, కింది లైను గుడులు ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. కొలతలన్నీ సరిగా ఉన్నా చదవలేం, గడులేవీ రంగు మారవు. "రాష్ట్రం" లాంటి మాట పైన, "స్థితి" లాంటిది సరిగ్గా దాని కింద ఉన్న సబ్‌టైటిల్ ఒకటి వెతికి, ముందుగా దాన్ని ముద్రించి చూస్తాను. తగులుకుంటే ఫాంట్ మార్చడమో, సైజు తగ్గించడమో చేస్తాను. ఫైలుగానే ఇచ్చేటట్టయితే యూటీఎఫ్-8లో సేవ్ చేస్తే చాలు, మిగతాది చూసేవాళ్ల ప్లేయర్ చేతిలో ఉంటుంది.